పరుగెత్తినప్పుడే, అదీ ఫోనులోనే, కెమెరా గోడను కోసేస్తోంది

మండువా_లోగిలి
యూనిటీలో ఒక థర్డ్ పర్సన్ ఆట చేస్తున్నాను. కథంతా పాత మండువా ఇంట్లో నడుస్తుంది. ఇరుకు నడవాలు, తల వంచి దాటాల్సిన ద్వారబంధాలు, మధ్యలో వాన పడే మండువా, దాని చుట్టూ కొయ్య స్తంభాలు. కెమెరా ఆటగాడి వెనక మూడున్నర మీటర్ల దూరంలో ఉండి చుట్టూ తిరుగుతుంది.

కెమెరా గోడలోకి పోకుండా అందరూ చెప్పేదే చేశాను. తల దగ్గర నుంచి వెనక్కి `Physics.SphereCast`, గోళం వ్యాసార్థం 0.2, నియర్ ప్లేన్ 0.1, పని మొత్తం `LateUpdate` లో. ఆటగాడి లేయర్‌ను మాస్కులోంచి తీసేశాను. లాప్‌టాప్‌లో గంటసేపు గోడలకు రాసుకుంటూ తిరిగినా ఏమీ కాలేదు.

ఫోనులో మాత్రం నడవాలో గోడ పక్కన పరుగెత్తుతూ కెమెరాను పక్కకు తిప్పితే, తెర మూలలో గోడ ముక్కోణంలా తెగిపోయి అవతలి గది కనిపిస్తోంది. నడిస్తే రాదు, నిలబడితే రాదు. పరుగెత్తితేనే. రెండు రోజులు పోయాయి. ఫోను వేగం చాలక ఫ్రేములు తప్పుతున్నాయా?

నీలి_పిక్సెల్
ఫ్రేముల సంగతి కాదు. నియర్ ప్లేన్ 0.01 పెట్టండి, పోతుంది. నేను ప్రతి ప్రాజెక్టులోనూ మొదట చేసే పని అదే.

నాపరాయి
నాకూ ఇదే బాధ ఉండేది. గోడ దగ్గరికి వెళ్తే తుపాకీ గొట్టం గోడలోకి దూరిపోయేది. తుపాకీకి వేరే కెమెరా పెట్టి, దాన్ని అన్నిటికంటే పైన గీయించాను. పది నిమిషాల పని.

రాత్రి_బిల్డు
@నాపరాయి మీది ఫస్ట్ పర్సన్ ఆట. ఈయనకు గోడలోకి పోతున్నది తుపాకీ కాదు, చూసే కన్నే.

నాపరాయి
అవును, శీర్షిక సగమే చదివాను. సరే, కూర్చుని వింటాను.

మండువా_లోగిలి
@నీలి_పిక్సెల్ పెట్టి చూశాను. నిజమే, గోడ తెగడం ఆగింది. కానీ ఇంటి ముందు వీధి చివర ఇళ్ల పెంకుల మీద చారలు మినుకుమినుకుమంటున్నాయి. కిటికీ చట్రాలు ఒకసారి గోడ ముందుకు, ఒకసారి గోడ వెనక్కి పోతున్నాయి. లాప్‌టాప్‌లో అదీ లేదు, ఫోనులోనే.

పాతకాపు
ఫోనులో గ్రాఫిక్స్ `OpenGL ES` మీద నడుస్తోందేమో చూడండి. అక్కడ లోతు లెక్క పాత పద్ధతిలో ఉంటుంది, కచ్చితత్వమంతా కెమెరా ముందే ఖర్చయిపోతుంది. 24 బిట్ల డెప్త్ బఫర్ అనుకుంటే, నియర్ 0.1 ఉన్నప్పుడు వంద మీటర్ల దూరంలో సుమారు 6 మిల్లీమీటర్ల తేడా దాకా విడదీసి చూడగలదు. 0.01 చేస్తే అదే 6 సెంటీమీటర్లు అవుతుంది. మీ కిటికీ చట్రం గోడకన్నా 6 సెంటీమీటర్లు ముందుకు లేదు కాబట్టి రెండూ కొట్టుకుంటున్నాయి. లాప్‌టాప్‌లో యూనిటీ లోతును తిరగేసి రాస్తుంది కనుక అక్కడ తెలియదు.

ఇక అసలు సంగతి. రెండు ప్రశ్నలు. పరుగెత్తేటప్పుడు కెమెరా చూపు కోణం, అదే ఎఫ్‌ఓవీ, పెంచుతున్నారా? ఫోను తెర నిష్పత్తి ఎంత?

మండువా_లోగిలి
వేగం తెలియాలని పరుగులో 60 నుంచి 75కి పెంచుతాను. తెర 2400 × 1080. `cam.aspect` అచ్చు వేయిస్తే 2.22 వచ్చింది. లాప్‌టాప్‌లో గేమ్ వ్యూ 16:9లో పెట్టి చూస్తున్నాను.

దానికీ దీనికీ సంబంధం ఉందా?

పాతకాపు
ఉంది. దొంగ దొరికినట్టే.

కెమెరాను మనం ఒక చుక్క అనుకుంటాం. కానీ గీసే బొమ్మ ఆ చుక్క దగ్గర మొదలు కాదు. దాని ముందు నియర్ దూరంలో ఉన్న చిన్న కిటికీ దగ్గర మొదలవుతుంది. ఆ కిటికీకి నాలుగు మూలలుంటాయి. గోడ ఆ కిటికీని దాటి లోపలికి వస్తే వచ్చిన మేరకు గోడ మాయమవుతుంది. మీరు చూసిన ముక్కోణం అదే, కిటికీ మూల ఒకటి గోడలో గుచ్చుకుంది.

కాబట్టి కెమెరా చుక్క నుంచి ఆ మూల దాకా ఎంత దూరమో, మీ గోళం వ్యాసార్థం అంతకన్నా ఎక్కువ ఉండాలి. లెక్క ఇది:

```
corner = near * sqrt(1 + tan(fov/2)^2 * (1 + aspect^2))
```

మీ అంకెలు వేసి చూద్దాం. నియర్ 0.1, ఎఫ్‌ఓవీ 60, లాప్‌టాప్ తెర 16:9 అయితే మూల దూరం 0.154. మీ గోళం 0.2, ఇబ్బంది లేదు. అదే తెర మీద పరుగెత్తితే ఎఫ్‌ఓవీ 75, మూల 0.186. ఇంకా గోళం లోపలే ఉంది. అందుకే లాప్‌టాప్‌లో గంటసేపు తిరిగినా ఏమీ కాలేదు.

ఫోనులో తెర 20:9. నడిచేటప్పుడు 0.173, సరిపోతుంది. పరుగెత్తితే 0.212. మూల గోళం దాటి ఒక సెంటీమీటరు పైన బయటికి వచ్చింది. గోడను కోసేది ఆ సెంటీమీటరే.

రాత్రి_బిల్డు
ఒక్క సెంటీమీటరుకు రెండు రోజులు. మా మేస్త్రీ అయితే సున్నం రాసి కప్పేసేవాడు.

మండువా_లోగిలి
గేమ్ వ్యూ 20:9కి మార్చి పరుగెత్తాను. లాప్‌టాప్‌లోనూ వెంటనే తెగింది! రెండు రోజులుగా ఫోనుకు బిల్డు పంపించి, ఎక్కించి, ఆడి చూస్తున్నాను. మెనూలో ఒక్క నొక్కుతో తేలే పని.

అంటే గోళం 0.25 చేస్తే చాలా?

పాతకాపు
ఈ ఫోనుకు చాలు. రేపు మరింత పొడుగు ఫోను వస్తుంది, లేదా మీరే ఎఫ్‌ఓవీ 80 చేస్తారు. అంకెను చేత్తో రాయకుండా ప్రతి ఫ్రేములోనూ లెక్క కట్టించండి:

```csharp
float t = Mathf.Tan(cam.fieldOfView * 0.5f * Mathf.Deg2Rad);
float corner = cam.nearClipPlane *
    Mathf.Sqrt(1f + t * t * (1f + cam.aspect * cam.aspect));
float radius = corner + 0.03f;
```

ఎఫ్‌ఓవీ మార్చే కోడు దీనికి ముందే నడవాలి. దీని తర్వాత నడిస్తే మారుతున్నంతసేపూ మీ వ్యాసార్థం ఒక ఫ్రేము వెనకబడి ఉంటుంది.

నీలి_పిక్సెల్
ఇంత లెక్క దేనికి? గోళం 0.4 పెట్టేస్తే ఏ ఫోను వచ్చినా భయం లేదు కదా. పెద్దదైతే మరీ మంచిది.

పాతకాపు
అందరూ పడే గొయ్యి అదే. `SphereCast` కు ఒక గుణం ఉంది. బయలుదేరే చోటే గోళం ఏ కొలైడర్‌కైనా తగులుతూ ఉంటే, ఆ కొలైడర్‌ను అది లెక్కలోకి తీసుకోదు. తగిలిందని చెప్పదు, అసలు లేనట్టే దాటిపోతుంది.

@మండువా_లోగిలి మీ ఆటగాడి క్యాప్సూల్ వ్యాసార్థం ఎంత?

మండువా_లోగిలి
0.3. ఎత్తు 1.8.

పాతకాపు
అంటే ఆటగాడు గోడకు ఆనుకుని నిలబడితే అతని నడిమి గీత నుంచి గోడ దాకా 0.3 మీటర్లే. అక్కడి నుంచి 0.4 గోళాన్ని పంపితే అది మొదటి నుంచే గోడలో ఉంటుంది. కెమెరాకు ఆ గోడ కనిపించదు, మూడున్నర మీటర్లూ వెనక్కి పోయి అవతలి గదిలో నిలబడుతుంది. ఇప్పటిదాకా మూల ఒక్కటే తెగింది, అప్పుడు ఇల్లంతా తెగుతుంది.

గోళం కిటికీ మూలకన్నా పెద్దదిగా, క్యాప్సూల్ కన్నా చిన్నదిగా ఉండాలి. మీకు 0.212కీ 0.3కీ మధ్య చోటుంది. పై కోడు పరుగులో 0.242 ఇస్తుంది. సరిపోతుంది.

నీలి_పిక్సెల్
ఒప్పుకుంటున్నాను. కానీ నియర్ తగ్గించమన్న మాట పూర్తిగా తప్పు కాదు. మీ సూత్రంలో మొట్టమొదట ఉన్నదే నియర్. యూనిటీ మొదట ఇచ్చే 0.3తో అయితే 16:9లోనే మూల 0.46 అవుతుంది, ఈ క్యాప్సూల్‌లో పట్టనే పట్టదు.

పాతకాపు
తప్పు అనలేదు. 0.3 నుంచి 0.1కి దించడం మంచి మందు. 0.01 ఆ మందే సీసాడు తాగడం.

స్ప్రింగు_బొంగరం
నేను గోడో ఇంజన్ వాడుతాను. అక్కడ `SpringArm3D` ఉంది, దాని కింద కెమెరాను వేలాడదీస్తే చాలు. ఆకారం ఏదీ ఇవ్వకపోతే, కింద ఉన్న కెమెరా చూపు పిరమిడ్‌నే తీసుకుని గోడలతో పోల్చుకుంటుంది. ఈ మూలల గొడవ నాకు ఎప్పుడూ రాలేదు.

వచ్చిన గొడవ వేరు. మొదటి రోజు కెమెరా ఎప్పుడు చూసినా ఆటగాడి మెడలోనే ఉండేది. స్ప్రింగు విరిగిందనుకుని `spring_length` పది దాకా పెంచాను. కదిలితే ఒట్టు. చివరికి చూస్తే ఆటగాడి శరీరమే అడ్డం. `add_excluded_object` తో వాణ్ణి తీసేస్తే కుదిరింది.

రాత్రి_బిల్డు
తన మెడ తనకే అడ్డం.

స్ప్రింగు_బొంగరం
ఇంకో లోపం కూడా ఉంది, ఒప్పుకోవాలి. గోడ దాటగానే చెయ్యి ఒక్క దూకుతో పూర్తి పొడవుకు పోతుంది. మెల్లగా సాగదీయాలంటే సొంతంగా రాసుకోవాలి.

మండువా_లోగిలి
నా అసలు కోడులో మెల్లగా సాగదీయడం ఉంది. కెమెరా స్థానాన్ని `Vector3.SmoothDamp` తో మెత్తబరుస్తాను. లేకపోతే గోడ తగిలినప్పుడల్లా జర్కు వచ్చి కళ్లు తిరుగుతున్నాయి. అదేమైనా ఇబ్బందా?

పాతకాపు
ఇబ్బందే, కాకపోతే ఇంకా బయటపడలేదు. గోళం చెప్పిన చోటికి కెమెరా కొద్దికొద్దిగా చేరుతోందంటే, చేరేలోపు ఫ్రేములన్నిటిలో అది గోడలోనే ఉందన్నమాట. పైగా స్థానాన్ని మెత్తబరిస్తే కెమెరా పాత చోటికీ కొత్త చోటికీ మధ్య అడ్డదారిన పోతుంది. ఆ అడ్డదారిలో గోడ మూల ఉంటే దాన్నీ కోసుకుంటూ పోతుంది.

ఆటగాడి వెంట నడిచే పివట్‌ను మెత్తబరచాలంటే, తిప్పే కోణాన్ని మెత్తబరచాలంటే, అవన్నీ గోళం పంపక ముందే చేసేయండి. పంపిన తర్వాత తాకదగ్గది ఒక్క దూరమే. అది కూడా ఒక వైపే:

```csharp
float target = maxDist;
if (Physics.SphereCast(pivot, radius, dir, out RaycastHit hit,
        maxDist, mask, QueryTriggerInteraction.Ignore))
    target = hit.distance;

if (target < dist) dist = target;
else dist = Mathf.Lerp(dist, target, 1f - Mathf.Exp(-4f * Time.deltaTime));

cam.transform.position = pivot + dir * dist;
```

లోపలికి రావాలంటే ఆ ఫ్రేములోనే వచ్చేస్తుంది, బయటికి పోవాలంటే తీరిగ్గా పోతుంది. పివట్ నుంచి `target` దాకా గోళం ఇప్పుడే తిరిగి చూసి దారి ఖాళీ అని చెప్పింది కాబట్టి, ఆ గీత మీద ఎక్కడ ఆగినా క్షేమమే.

`hit.distance` వాడాను, `hit.point` కాదు. పాయింట్ అంటే గోళం చర్మం గోడకు తగిలిన చోటు. కెమెరాను తీసుకెళ్లి అక్కడ పెడితే గోళం పంపిన ఫలితమే పోతుంది.

నీలి_పిక్సెల్
లోపలికి ఒక్కసారిగా లాగేస్తే ఆడేవాళ్లకు తల తిరగదా? నేను లోపలికి కూడా మెత్తగానే లాగుతాను, 0.1 సెకను అంతే. ఎవరూ గమనించలేదు.

పాతకాపు
0.1 సెకను అంటే 60 ఫ్రేముల లెక్కన ఆరు ఫ్రేములు. బహిరంగ మైదానంలో అక్కడో చెట్టు, ఇక్కడో బండ ఉన్న ఆటలో ఎవరూ గమనించరు. ఈయనది మూరెడు నడవా. ఆరు ఫ్రేములు పక్కింటి సామాను కనిపిస్తుంది.

నీలి_పిక్సెల్
పోనీ, గోడ తగలబోతోందని ముందే తెలుసుకుని ముందే లాగడం మొదలుపెట్టొచ్చు కదా. పెద్ద గోళం ఒకటి ముందుగా హెచ్చరించడానికి, చిన్న గోళం ఖచ్చితంగా ఆపడానికి.

పాతకాపు
అది మంచి ఆలోచన. పెద్ద గోళానిది సలహా, చిన్న గోళానిది ఆజ్ఞ. పెద్దది గోడకు ఆనుకున్నప్పుడు గుడ్డిదవుతుందని మాత్రం మర్చిపోకండి.

చిట్టిబొమ్మ
మోడళ్లు చేసేదాన్ని, కోడు నాకు రాదు. కానీ కెమెరా గోడ దాటిందని వచ్చిన ఫిర్యాదుల్లో సగం మా వైపు తప్పులే. గోడను ఒంటి పొరగా గీసి దానికే మెష్ కొలైడర్ తగిలిస్తాం. ముఖం అటు తిరిగి ఉంటే ఇటు నుంచి పంపిన గీతకు అది తగలదు. నేను ఇప్పుడు ప్రతి గోడకూ మందంతో పెట్టె కొలైడర్ పెడుతున్నాను. కనీసం 20 సెంటీమీటర్లు.

ఇంకొకటి. ద్వారబంధం మీద చెక్కిన తామరపూలకు, తోరణాలకు, దీపపు గూళ్లకు కొలైడర్ పెట్టకండి. కెమెరా ప్రతి పువ్వుకూ తగిలి ఊగుతుంది. గుమ్మానికి అంతా కలిపి మూడు పెట్టెలు చాలు.

మండువా_లోగిలి
మెష్ కొలైడర్లే పెట్టాను, ప్రతి పువ్వుకూ. జర్కు ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు తెలిసింది.

రాత్రి_బిల్డు
నా కథ ఒకటి. మా ఆటలో కెమెరా కుడి భుజం మీదుగా చూస్తుంది, నడిమి గీత నుంచి అర మీటరు పక్కకు. గోళాన్ని భుజం దగ్గర నుంచే పంపేవాణ్ణి. కుడి చెయ్యి గోడకు రాసుకుంటూ నడిస్తే చాలు, ఒక్కసారిగా ఊరంతా కనిపించేది. ఇప్పుడు పాతకాపు గారు చెప్పింది చదివాక అర్థమైంది. క్యాప్సూల్ 0.3, భుజం 0.5, అంటే భుజం బిందువు గోడలో 20 సెంటీమీటర్లు లోపల ఉంది. గోళం అక్కడే పుట్టింది కాబట్టి ఆ గోడను చూడలేదు.

అప్పట్లో నేను చేసిన మరమ్మతు చెప్పడానికి సిగ్గుగా ఉంది. గోడలన్నీ అర మీటరు లావు చేశాను.

పాతకాపు
ఆ లావు కూడా కాపాడదు, గోడను చూడనే లేదు కదా.

రాత్రి_బిల్డు
కాపాడలేదు. అందుకే సిగ్గు.

పాతకాపు
రెండు అంచెల్లో వెళ్లండి. మొదట నడిమి గీత నుంచి భుజం వైపు అదే గోళాన్ని పంపండి. అది ఎక్కడ ఆగితే ఈ ఫ్రేముకు భుజం అక్కడే. తర్వాత అక్కడి నుంచి వెనక్కి. గోడకు ఆనుకున్నప్పుడు 0.24 గోళం పక్కకు 6 సెంటీమీటర్లే కదలగలదు, కాబట్టి చూపు దానంతట అదే తల వెనక్కి జరుగుతుంది. చూడ్డానికి కూడా సహజంగా ఉంటుంది.

నడిమి గీత మీద ఎందుకంటే, ఆ చోటును క్యాప్సూల్ ఎప్పుడూ ఖాళీగా కాపాడుతుంది. ఆటగాడు గోడలోకి పోలేడు, అందుకని అక్కడ పుట్టిన గోళమూ గోడలో పుట్టదు.

మండువా_లోగిలి
నా పివట్ 1.6 ఎత్తులో, నడిమి గీత మీదే ఉంది. భుజం గొడవ లేదు. అయినా అటక మీదికి పాకుతూ వెళ్లే చోట కప్పు తెగి ఆకాశం కనిపిస్తోంది. అది వేరే దోషం అనుకుని పక్కన పెట్టాను.

పాతకాపు
వేరే కాదు. పాకేటప్పుడు క్యాప్సూల్ ఎత్తు ఎంతకు దించుతున్నారు?

మండువా_లోగిలి
1.1.

అయ్యో. పివట్ 1.6లోనే ఉండిపోయింది. అంటే అది కప్పు పైన ఉంది.

పాతకాపు
మనిషి అటకలో, కన్ను పెంకుల మీద.

నిలబడినప్పుడు కూడా 1.6 అంచు మీదే ఉంది. క్యాప్సూల్ నెత్తి 1.8, అక్కడికి 0.2 మిగిలింది, మీ గోళం 0.24. ద్వారబంధం నెత్తికి తగిలేంత కిందికి ఉంటే మళ్లీ అదే కథ. పివట్‌ను ఎప్పుడూ క్యాప్సూల్ నెత్తి నుంచి క్యాప్సూల్ వ్యాసార్థమంత కిందికి పెట్టండి. నిలబడితే 1.5, పాకితే 0.8. నిలబడే స్థితికి మారేటప్పుడు పివట్ మెల్లగా లేవాలి గానీ క్యాప్సూల్‌ను దాటి ముందు లేవకూడదు.

నాపరాయి
ఇప్పటిదాకా మొత్తం చదివాను, ఈసారి నిజంగా. నా సందేహం ఒకటి. గోడకు వీపు ఆనించి నిలబడితే కెమెరాకు వెనక్కి పోయే చోటే లేదు కదా. అప్పుడు ఎక్కడ ఉంటుంది?

పాతకాపు
మంచి ప్రశ్న. తలలో ఉంటుంది.

చిట్టిబొమ్మ
అప్పుడు లోపలి నుంచి తల చర్మం గీయబడదు, ముఖాలన్నీ బయటికి కదా. కనుగుడ్లు రెండు, పళ్ల వరస ఒకటి గాలిలో తేలుతూ ఉంటాయి. మా టెస్టరు ఒకాయన ఆ బొమ్మ తీసి దెయ్యాల ఆటకు పనికొస్తుందని పంపాడు.

పాతకాపు
దూరం 0.6 కన్నా తగ్గితే ఆటగాడిని గీయడం ఆపేయండి. నీడ మాత్రం ఉంచండి. `ShadowCastingMode.ShadowsOnly` అందుకే ఉంది. కొందరు తల ఒక్కటే దాచి, చేతులు ఉంచుతారు. 0.6 దగ్గర మాయమై 0.6 దగ్గరే ప్రత్యక్షమైతే అంచు మీద మినుకుతుంది. తిరిగి చూపించడం 0.75 దగ్గర చేయండి.

మండువా_లోగిలి
అన్నీ మార్చాను. వ్యాసార్థం లెక్క కట్టించాను, పివట్ దించాను, గుమ్మాలకు పెట్టెలు పెట్టాను. సీన్ వ్యూలో గిజ్మోతో గోళాన్నీ కిటికీ నాలుగు మూలలనూ గీయించి చూస్తున్నాను. మూలలు గోళం దాటడం లేదు. ఫోనులో అరగంట పరుగెత్తాను. ఒక్క ముక్కోణం కూడా లేదు.

ఇక మిగిలింది మండువా. ఎనిమిది స్తంభాలు. కెమెరాను తిప్పుతుంటే ప్రతి స్తంభం దగ్గరా లోపలికి దూకి, మెల్లగా బయటికి పోయి, మళ్లీ దూకుతోంది. పేడ తొక్కినవాడి నడకలా ఉంది.

నీలి_పిక్సెల్
స్తంభాలను వేరే లేయర్‌లో వేసి మాస్కులోంచి తీసేయండి. 25 సెంటీమీటర్ల స్తంభం వెనక ఆటగాడు క్షణం దాగితే కొంప మునగదు.

పాతకాపు
నేనూ దాదాపు అదే అంటాను, ఒక సవరణతో. తిప్పుతున్న కెమెరాకు స్తంభం అడ్డం వస్తే వదిలేయండి. కానీ కెమెరా ఆగబోయే చోటే స్తంభం ఉంటే మళ్లీ కిటికీ మూల దాన్ని కోస్తుంది, లోపల డొల్ల కనిపిస్తుంది. చివరి చోట `Physics.CheckSphere` తో స్తంభాల లేయర్‌ను ఒకసారి అడగండి. తగిలితే అప్పుడు మాత్రమే స్తంభం ముందుకు తెచ్చుకోండి. అడ్డం వచ్చిన స్తంభాన్ని చుక్కలు చుక్కలుగా పలచబరిస్తే ఇంకా బాగుంటుంది.

చిట్టిబొమ్మ
ఒక్కో స్తంభం నగిషీకి వారం పడుతుంది. దాన్ని చుక్కలు చేసి మాయం చేస్తారా? కెమెరానే దగ్గరికి తీసుకెళ్లండి, చెక్కడమైనా కనిపిస్తుంది.

స్ప్రింగు_బొంగరం
ఫోనులో ఆ చుక్కలు ఊరికే రావు. షేడర్‌లో పిక్సెళ్లను వదిలేయడం మొదలుపెడితే, వెనక దాగినవాటిని ముందే వదిలించుకునే వెసులుబాటు ఆ వస్తువుకు పోతుంది. అడ్డం వచ్చిన ఒక్క స్తంభానికే ఆ మెటీరియల్ మార్చండి, ఎనిమిదింటికీ శాశ్వతంగా పెట్టకండి.

రాత్రి_బిల్డు
నా ఓటు చిట్టిబొమ్మ గారికి. స్తంభం అడ్డం వస్తే అడ్డం వచ్చినట్టు కనిపించాలి. అది ఇల్లు, గాజు పెట్టె కాదు.

పాతకాపు
ఆటను బట్టి. ఇక్కడ కొట్లాటలుంటే ఆటగాడు ఒక్క క్షణం కూడా కనిపించకుండా పోకూడదు. నింపాదిగా తిరిగే ఆటైతే స్తంభాన్ని ఉంచొచ్చు. జర్నీ ఆటకు కెమెరా చేసిన జాన్ నెస్కీ 2014లో జీడీసీ సదస్సులో కెమెరా తప్పులు యాభై చెప్పారు. వెతికి వినండి. ఒకచోట తప్పయింది ఇంకోచోట ఎందుకు ఒప్పవుతుందో మీకే అనిపిస్తుంది.

మండువా_లోగిలి
కొట్లాటలు లేవు, దెయ్యం ఒకటి ఉంది. రెండు రకాలుగానూ చేసి ఇంట్లోవాళ్లతో ఆడించి చూస్తాను.

మండువా_లోగిలి
మళ్లీ నేనే. స్తంభాలు ఇంకా తేలలేదు, ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. కానీ కొత్తది. సావిట్లో ఉయ్యాల బల్ల ఉంది, దానంతట అదే ఊగుతుంది (దెయ్యం). దాని పక్కన ఆటగాడు నిలబడితే చాలు, కెమెరా కూడా ఉయ్యాలతో పాటు ముందుకూ వెనక్కూ ఊగుతోంది.

పాతకాపు
ఉయ్యాల బల్ల మాస్కులో ఉంది. ఆటగాడికీ కెమెరాకూ మధ్యకు వచ్చినప్పుడల్లా గోళం దానికి తగులుతోంది. కదిలే సామాను అంతా మాస్కులోంచి తీసేయండి. తలుపు రెక్కలను మాత్రం ఉంచండి.

రాత్రి_బిల్డు
తీయకండి! దెయ్యం ఆట అంటున్నారు కదా.

మండువా_లోగిలి
ఇంట్లో ఆడినవాళ్లలో మా అమ్మ ఒక్కతే భయపడింది. అదీ ఆ ఉయ్యాల దగ్గరే. ఆలోచిస్తున్నాను.